చిన్న ఫొటోలో భుజం మీద చేయి: తీసేస్తే అతుకు ఎక్కడ తెలుస్తుంది, అంతకు ముందు మీరు ఏం చూసుకోవాలి

మీరు పంపిన ఫొటో చూశాను. వరుసలో ఐదుగురు నిలబడి ఉన్నారు. కుడి చివర ఉన్న వ్యక్తిని తీసేసి, మీ నాన్నగారే ఆ చివర ఉన్నట్టు చేసి, 12 అంగుళాల వెడల్పున ప్రింటు తీసి గోడకు పెట్టుకుంటామని రాశారు. ఆ వ్యక్తి చేయి నాన్నగారి భుజం మీద ఉంది. తల కొంచెం ఇటు వాల్చడంతో ఆయన జుట్టు నాన్నగారి చెవిని సగం కప్పేసింది.

తీయగలను. కానీ ఈ ఫైలులో తీస్తే, తీసిన చోటు 12 అంగుళాల ప్రింటులో తెలిసిపోతుంది. ఆ మాట పని అయ్యాక చెప్పడం కంటే ముందే చెప్పడం నా బాధ్యత. ఎందుకు తెలుస్తుందో నా మాట మీద నమ్మనక్కరలేదు, మీ కంప్యూటర్‌లోనే చూసుకోవచ్చు. కింద చెప్పిన వరుసలో చూడండి. రెండో మెట్టు దగ్గరే మంచి ఫైలు దొరికితే మిగతా ఇబ్బందుల్లో చాలా వరకు వాటంతటవే పోతాయి.

మొదట: ఫొటోలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూడండి

కంప్యూటర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి Properties తెరిచి, అందులో Details చూడండి. ఫోనులోనైతే ఫొటో తెరిచి వివరాలు చూపించే గుర్తు నొక్కండి. రెండు అంకెలు కనిపిస్తాయి. మీ ఫైలులో అవి 960 × 720. అంటే అడ్డంగా 960 చుక్కలు, నిలువుగా 720 చుక్కలు, మొత్తం 7 లక్షల లోపు. మామూలు ఫోను కెమెరా తీసే 4000 × 3000 ఫొటోలో కోటీ 20 లక్షల చుక్కలుంటాయి. మీ ఫొటో తీసినప్పుడు అంత ఉండి, చేతులు మారుతూ వచ్చే దారిలో తగ్గిపోయి ఉంటే, అసలు ఫొటోలో సుమారు 17 చుక్కలున్న చోట ఇప్పుడు మీ దగ్గర ఒక్కటే మిగిలిందన్నమాట.

ఫైలు ఎన్ని కేబీ ఉందన్నది ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఫోను తెరమీద బాగుండడం కూడా కొలమానం కాదు. ఫోను తెర చిన్నది, దాన్ని నింపడానికి 960 చుక్కలు చాలు. అదే ఫొటోను 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 80 చుక్కలే వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 ఉంటే నిశ్చింత, 200 ఉంటే బాగానే ఉంటుంది. నాలుగడుగుల దూరం నుంచి చూసే గోడ ఫ్రేముకు 150 దాకా దిగినా సర్దుకోవచ్చు. 80 దగ్గర ముఖాలు మెత్తబడి, అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఇది ఎవరినీ తీయకముందే ఉన్న పరిస్థితి.

రెండోది: ఇంతకంటే మంచి ఫైలు ఉందేమో వెతకండి

నా పనిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇదే. ఇది నేను చేయగలిగింది కాదు, మీరు చేయాల్సింది. ఈ ఫొటో మీకు ఎవరు పంపారు, వాళ్లకు ఎవరు పంపారు అని వెనక్కి వెళ్తూ, కెమెరా పట్టుకున్న మనిషి దగ్గరకు చేరండి. మెసేజింగ్ యాప్‌లు ఫొటోను మామూలుగా పంపినప్పుడు చిన్నది చేసి, మళ్లీ కుదించి పంపుతాయి. అందుకే అసలు మనిషి దొరికినప్పుడు ఫొటోను ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, లేదా ఈమెయిల్‌కు జతచేయమనండి. తెర మీద కనిపిస్తున్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. స్క్రీన్‌షాట్‌లో తెరకు ఎన్ని చుక్కలున్నాయో అన్నే వస్తాయి, ఫొటోకు ఎన్నున్నాయో అన్ని కాదు.

అసలు మనిషి దగ్గర అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆ నిమిషంలో తీసిన మిగతా ఫొటోలు. గ్రూపు ఫొటోను ఎవరూ ఒక్కసారి నొక్కి ఊరుకోరు. ముందు ఒకటి, వెనుక ఒకటి ఉంటాయి. వాటిలో ఎవరో కళ్లు మూసుకున్నారనో, ఎవరో పక్కకు చూస్తున్నారనో పక్కన పెట్టేసి ఉంటారు. నాకు కావలసింది ముఖాలు కావు. ఆ చేయి ఇంకా భుజం మీద పడని ఒక్క ఫొటో ఉంటే చాలు. అందులో నాన్నగారి భుజం, చొక్కా మడత, చెవి అదే వెలుతురులో నిజంగా ఉంటాయి. వాటిని తెచ్చి ఇక్కడ అమర్చగలను. అలా చేసిన భుజం నేను ఊహించి గీసిన భుజం కాదు, ఆయన భుజమే.

ఒకవేళ ఇది పాత ఫొటో అయి, ఎవరో కాగితం ప్రింటును ఫోనుతో తీసి పంపి ఉంటే, ఆ ప్రింటు ఎక్కడుందో కనుక్కోండి. 4 × 6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2400 × 3600 చుక్కలు వస్తాయి. స్కానర్‌లో రంగులు దిద్దే, మరకలు తుడిచే సౌకర్యాలన్నీ ఆపేసి, జేపెగ్‌గా కాకుండా టిఫ్‌గానో పీఎన్‌జీగానో దాచమనండి. దుమ్ము, గీతలు ఉన్నా ఫరవాలేదు, అవి తీయడం సులువు.

దొరికిన ఫైలుకు మీరు మెరుగులు పెట్టకండి. పదును పెంచడం, ముఖం నున్నగా చేయడం, పెద్దది చేసి పంపడం, ఇవేవీ వద్దు. సాఫ్ట్‌వేర్‌లో 960ని 3600 చేయమంటే చేస్తుంది. అయితే మామూలుగా పెద్దది చేయడం అంటే పక్కపక్క చుక్కల మధ్య రంగును లెక్కగట్టి ఖాళీలు పూరించడమే. అంకె పెరుగుతుంది గానీ కొత్త వివరమేమీ చేరదు. పైగా ఫైలులో ఉన్న లోపాలు కూడా పెద్దవై నా ముందుకొస్తాయి.

మూడోది: తీయమన్న చోటును దగ్గరగా చూడండి

మంచి ఫైలు దొరకలేదనుకుందాం. ఇప్పుడు ఇదే 960 × 720 ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి, భుజం దగ్గర 800 శాతం దాకా జూమ్ చేయండి. గళ్లు గళ్లుగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఒక్కో గడి ఒక్కో పిక్సెల్.

ముందు ఒక మంచి మాట. ఆ వ్యక్తి ఒంట్లో ఎక్కువ భాగం సాదా గోడ ముందు ఉంది. గోడను పూరించడం కష్టం కాదు. పైగా ఆయన వరుస చివరనే ఉన్నారు కాబట్టి ఫొటోను ఆ వైపు కత్తిరిస్తే ఒళ్లు దాదాపు అంతా గీత బయటకు పోతుంది, గీయాల్సిన పనే ఉండదు. కానీ కత్తిరించాక ఏం మిగులుతుందో చూడండి. నాన్నగారి భుజం మీద, మనిషి లేని ఒక చేయి. మీరు అడిగింది మనిషిని తీయమని. నిజానికి ఈ ఫొటోలో పనంతా ఆ చేతిదే, చెవిదే.

ఇప్పుడు వేళ్లను లెక్కపెట్టండి. నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి, ఒక్కో వేలు వెడల్పు సుమారు 5 పిక్సెళ్లు. చేయి మొత్తం 38 పిక్సెళ్ల వెడల్పు, 26 పిక్సెళ్ల ఎత్తు, అంటే దాదాపు వెయ్యి పిక్సెళ్ల స్థలం. ఆ స్థలంలో నేను కొత్తగా భుజాన్ని నిలబెట్టాలి. చేతి కింద చొక్కా ఎలా ఉందో ఈ ఫైలులో ఎక్కడా లేదు. చాలామంది అనుకున్నట్టు చేయి ఒక పొరలా, భుజం దాని కింద మరో పొరలా ఉండవు. కెమెరాకు తగిలింది చేతి మీద పడి వచ్చిన వెలుతురు మాత్రమే. కాబట్టి నేను ‘తీయడం’ అన్నప్పుడు అది తుడవడం కాదు, పక్కనుంచి బట్టను తెచ్చి అతకడం.

పక్కనున్న బట్ట ఎంత? నాన్నగారి తెల్ల చొక్కాకు సన్నని నీలం చారలున్నాయి. చారకూ చారకూ మధ్య దూరం ఈ ఫైలులో 4 పిక్సెళ్లు. అసలు ఫైలులోనైతే అది 16, 17 పిక్సెళ్లు ఉండేది. అక్కడ నేను తెచ్చిన ముక్క ఒక పిక్సెల్ అటు ఇటు కూర్చున్నా ఎవరి కంటా పడదు. ఇక్కడ ఒక పిక్సెల్ జరిగితే చార తన దారిలో పావు వంతు తప్పినట్టే, అతికిన చోట విరిగినట్టు కనిపిస్తుంది. మరి అర పిక్సెల్ జరిపి సరిచేయలేమా అంటే, జరపవచ్చు. కానీ పిక్సెల్‌ను సగం చేయలేం కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇరుగుపొరుగు రంగుల్ని కలిపేస్తుంది, ఆ నీలం చార వెలిసిపోయిన లేత నీలం మసకగా మారుతుంది. పైగా భుజం మీద చారలు తిన్నగా ఉండవు, ఒంపు తిరుగుతాయి. ఛాతీ మీది ముక్కను తెచ్చి వంచాలి, వంచిన ప్రతిసారీ అదే మసక. చారలు విరగాలా, మసకబారాలా అన్న రెండింట్లోనే నాకు ఎంపిక. సాదా చొక్కా అయి ఉంటే ఈ పేరా రాసేవాడినే కాదు.

జూమ్ అలాగే ఉంచి, చేతి చుట్టూ ఉన్న తెల్లటి బట్టను గమనించండి. రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, వేళ్ల అంచుల దగ్గర ఈగలు ముసిరినట్టు చిన్న చిన్న మచ్చలు. జేపెగ్ పద్ధతి ఫొటోను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. గడిలో గట్టి అంచు ఒకటి ఉంటే, కుదింపు వల్ల దాని అలికిడి ఆ గడి అంతా పాకుతుంది. అంటే చేయి పోయినా, చేయి అంచు వల్ల పుట్టిన మచ్చలు చుట్టూ ఉన్న బట్ట మీద ఉండిపోతాయి. వాటినీ తీయాలంటే తీయాల్సిన స్థలం వెయ్యి పిక్సెళ్ల కంటే పెరుగుతుంది, తెచ్చుకోవడానికి శుభ్రమైన బట్ట మరింత తగ్గుతుంది.

రెండోది రంగు. ఆ వ్యక్తి ఎర్రని పొడుగు చేతుల చొక్కా వేసుకున్నారు. మణికట్టు దగ్గర నాన్నగారి తెల్ల చొక్కా మీద పలచని గులాబీ మరక ఉంది చూడండి. అది నీడ కాదు, ప్రతిఫలించిన వెలుతురు కూడా పూర్తిగా కాదు. ఇలా పంచుకునే ఫొటోల్లో వెలుగునీడల్ని పూర్తి కొలతలో ఉంచి, రంగును మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం కొలతలో దాచడం మామూలు. అందువల్ల రంగుకు సంబంధించిన ఒక్కో గడి ఫొటోలో 16 × 16 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. ఎరుపు తన హద్దు దాటి తెలుపులోకి కారుతుంది. చేయి తీసేశాక ఆ గులాబీ మరక ఒక్కటే మిగిలితే, చూసేవారికి కారణం తెలియకపోయినా అక్కడేదో జరిగిందని తెలుస్తుంది. దీన్ని మాత్రం బాగానే పోగొట్టగలను. వెలుగునీడల్ని ముట్టుకోకుండా రంగును మాత్రమే మార్చే పొర వేసి, పక్కనున్న బట్ట రంగును అద్దుతాను.

ఇక చెవి. చెవి వెడల్పు 9 పిక్సెళ్లు, జుట్టు కప్పగా కనిపిస్తున్నవి 4. ఆ నాలుగింట్లో చివరిది చెవీ కాదు, జుట్టూ కాదు, రెండూ కలిసిన రంగు. జుట్టును తీస్తే ఆ కలిసిన పిక్సెల్ నల్లటి అంచులా మిగులుతుంది, దాన్నీ తీస్తే చెవికి మిగిలేది మూడు. రెండో వైపు చెవిని తిప్పి పెట్టవచ్చు కదా అని మీకు తోచవచ్చు. తల కొంచెం తిరిగి ఉంది, వెలుతురు ఆ వైపు నుంచి పడుతోంది. తిప్పి పెట్టిన చెవి మీద వెలుగు తప్పు వైపు నుంచి వస్తుంది. సాయంత్రం ఒకసారి పెట్టి చూశాను. తప్పేమిటో వెంటనే చెప్పలేం, కానీ అది మీ నాన్నగారిలా లేదు. ఆయనను రోజూ చూసిన మీకు అది ఇంకా ముందే తెలుస్తుంది. చెవి విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఆయన ఫొటో మరొకటి దొరక్కపోతే చెవిని నేను గీయకూడదు. ఉన్న సగం చెవిని ఉంచి, కప్పిన జుట్టును నాన్నగారి జుట్టు నీడలో కలిసిపోయేలా ముదురు చేయడమే మేలు.

నాలుగోది: ప్రింటు కొలత తగ్గించి చూడండి

అతుకు తెలియడమన్నది ఎంత పెద్దగా ప్రింటు తీస్తామన్న దాని మీద ఆధారపడుతుంది. అంగుళానికి 80 చుక్కల ప్రింటులో ఒక్క పిక్సెల్ తప్పు 0.3 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, అది కంటికి బాగానే అందుతుంది. అదే ఫొటోను 6 అంగుళాలకు తీస్తే అంగుళానికి 160 చుక్కలు, తప్పు 0.16 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. 4 అంగుళాలకు తీస్తే 240, తప్పు సుమారు 0.1. చేతి దూరంలో మామూలు చూపు ఆగిపోయేది దాదాపు అక్కడే. చార విరిగినా చూపు దాన్ని అంత తేలిగ్గా పట్టుకోలేదు.

కత్తిరింపు లెక్క కూడా ఇందులో కలపండి. ఆ వ్యక్తి నిలబడిన వైపు కత్తిరించి, నిష్పత్తి చెడకుండా ఉంచితే మనకు 800 × 600 మిగులుతుంది. 160 చొప్పున అది 5 అంగుళాల ప్రింటు. గోడకు కాదు, బల్ల మీద పెట్టుకునే ఫ్రేముకు సరిపోతుంది. గోడకే కావాలంటే 5 అంగుళాల ప్రింటు చుట్టూ వెడల్పాటి తెల్ల అట్ట అంచు పెట్టి పెద్ద ఫ్రేములో బిగించవచ్చు. ఫ్రేము పెద్దదిగా ఉంటుంది, ఫొటో తనకు తగిన కొలతలోనే ఉంటుంది. 12 అంగుళాలకు సాగదీసిన ప్రింటు కంటే ఇది ఎంతో బాగుంటుందని నా నమ్మకం.

మరో దారి కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది ఆలోచించరు. భుజం కిందికి వెళ్లకుండా నాన్నగారి ముఖం, మెడ మాత్రమే వచ్చేలా దగ్గరగా కత్తిరిస్తే చేయి ప్రసక్తే ఉండదు. కాని ఆయన తల వెడల్పు ఈ ఫైలులో 52 పిక్సెళ్లే, కాబట్టి అది పర్సులో పెట్టుకునే బొమ్మ కంటే పెద్దది కాలేదు. పైగా పక్కనున్నవాళ్లంతా పోతారు. మీకు కావలసింది అందరితో కలిసి ఉన్న ఆయన అయితే ఇది పనికిరాదు.

అయిదోది: నేను పంపే నమూనాను ఇలా పరీక్షించండి

ఈ ఫైలుతోనే చేయమంటే నేను పనిచేసే తీరు ఇది. ఫొటోను ముందుగా పెద్దది చేయను, ఉన్న కొలతలోనే పనిచేస్తాను. చేతి అంచుల దగ్గర, పక్కనున్న బట్టను ఉన్నదున్నట్టు తెచ్చి అద్దే క్లోన్ స్టాంపు వాడతాను. హీలింగ్ బ్రష్ చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది కాబట్టి గట్టి అంచు దగ్గర ఎరుపును తెల్లలోకి లాగి మరక చేస్తుంది. దాన్ని గోడకు, బట్ట మధ్యభాగానికి మాత్రమే వాడతాను. చివరగా, అతికిన చోటు చుట్టూ ఉన్నదానికంటే నున్నగా ఉంటే సన్నని గరుకు కలుపుతాను. అతుకు బయటపడేది చాలాసార్లు తప్పు రంగు వల్ల కాదు, అతి శుభ్రత వల్ల.

నమూనా వచ్చాక ముందు 100 శాతం దగ్గర చూడండి, అంతకు మించి జూమ్ చేయకండి. ఎంత మంచి పనైనా 400 శాతం దగ్గర బయటపడుతుంది, ప్రింటును ఎవరూ అలా చూడరు. తర్వాత ఫొటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పి చూడండి. మీ కంటికి పాత ఫొటో అలవాటైపోయింది, చేయి ఎక్కడుందో తెలుసు కాబట్టి చూపు నేరుగా అక్కడికే పోతుంది. తిప్పితే ఆ అలవాటు తప్పి కొత్తగా కనిపిస్తుంది. ఇంకా మంచిది, ఈ ఫొటోను ఎప్పుడూ చూడని మనిషికి ఏమీ చెప్పకుండా చూపించండి. వాళ్ల చూపు భుజం దగ్గర ఆగిందా లేదా గమనించండి.

తెర మీద ఒప్పుకున్నా, అది చాలదు. తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. నీడల్లో అతుకులు కాగితం మీద ఒక్కోసారి మాయమవుతాయి, తెల్ల బట్ట మీద మరకలు ఒక్కోసారి పైకి తేలతాయి. అందుకే మొత్తం ప్రింటు తీసేముందు భుజం, చెవి వచ్చేలా 3 అంగుళాల ముక్కను మాత్రం, మీకు కావలసిన అసలు కొలతలో, అదే కాగితం మీద తీయిస్తాను. దాన్ని ఫ్రేము పెట్టబోయే చోట, మీరు నిలబడి చూసే దూరం నుంచి, అక్కడ ఉండే వెలుతురులోనే చూడండి.

ఫొటో తీసినవారిని ముందుగా ఒకసారి అడగండి. అసలు ఫైలుగాని, ఆ చేయి భుజం మీద లేని పక్క ఫొటోగాని దొరికితే డాక్యుమెంట్‌గా పంపండి, 12 అంగుళాల ప్రింటు గురించి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. దొరకలేదని తేలితే ‘5 అంగుళాలు, సగం చెవి అలాగే’ అని రెండు మాటలు రాయండి, భుజం ముక్కను ప్రింటు తీసి పంపిస్తాను. అది చూశాక కూడా మీకు నచ్చకపోతే చేతిని ఉన్నచోటే ఉంచేద్దాం. ఏ మార్పూ చేయని అసలు ఫైలు నా దగ్గర విడిగా భద్రంగా ఉంది.